ఒక చెరువు, ఒక పంట: పిచ్ డెక్‌లోని రెండు స్లయిడ్లు తెలుగులో



కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు పెట్టుబడి అడగడానికి బయల్దేరేటప్పుడు పది పన్నెండు స్లయిడ్లు సిద్ధం చేసుకుంటారు. దాన్నే పిచ్ డెక్ అంటున్నాం. అందులో కంపెనీ కథ ఉంటుంది, పెట్టినవాళ్ల ఫొటోలుంటాయి, పోటీదారుల పట్టిక ఉంటుంది. డబ్బు పెట్టేవాడి చూపు ఆగేది మాత్రం రెండు స్లయిడ్ల దగ్గరే. ఈ సరుకు కొనేవాళ్లు మొత్తం ఎంతమంది అని చెప్పేది ఒకటి. ఒక్కో కస్టమరు మీద ఖర్చులన్నీ పోను ఎంత మిగులుతుందని చెప్పేది రెండోది. మొదటిది మార్కెట్ సైజు, రెండోది యూనిట్ ఎకనామిక్స్.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఫండ్ నడిపేవాళ్లకు చూపించడానికి ఇంగ్లిష్‌లో తయారైన ఈ రెండు స్లయిడ్లనూ భీమవరంలో మేత డీలరుకో, గుంటూరులో మిర్చి వ్యాపారికో, మిర్యాలగూడలో రైసుమిల్లు యజమానికో చూపించాల్సి వస్తే ఏం చేయాలి? చాలామంది డెక్ తీసుకెళ్లి అనువాదకుడి చేతిలో పెడతారు. మాటలు తెలుగులోకి వస్తాయి, అంకెలు అక్కడే ఉండిపోతాయి. ఇలాంటి పత్రాలు తిరగరాసే పనిలో ఉన్నవాడిగా నేను చెప్పేది దీనికి తలకిందులు. ముందు మారాల్సింది అంకెలు, వాటి వెనక ఉన్న లెక్క. ఆ లెక్క స్థానికంగా నిలబడిందంటే మాటలు వాటంతటవే పడతాయి.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా చేసి చూద్దాం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరం పెట్టే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకోండి. కంపెనీ ఊహించుకున్నదే. దాని అంకెలు కూడా లెక్క చూపించడానికి నేను వేసుకున్నవే. ఆ చెరువుల్లో జరిగే వ్యవహారం మాత్రం ఊహ కాదు.

పరికరం చేసే పని ఏమిటంటే, పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలతో పాటు, ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకంటే కిందికి వచ్చిందంటే రైతు అప్రమత్తం కావాలి. ఏరియేటర్లు తిరగాలి. కరెంటు పోయినా, కాపలా మనిషి కన్ను మూతపడినా కథ మారిపోతుంది. ఈ పరికరం చెరువులోనే ఉండి, ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోను మోగిస్తుంది, ఏరియేటరు స్విచ్చి తనే వేస్తుంది. రైతు దాన్ని కొనక్కర్లేదు. చెరువుకు నెలకు వెయ్యి రూపాయలు అద్దె కడితే చాలు.

ఇక ఇంగ్లిష్ డెక్‌లో మార్కెట్ స్లయిడు చూద్దాం. ఒకదానిలో ఒకటి మూడు వలయాలు. పెద్ద వలయంలో 4.9 బిలియన్ డాలర్లు. అది ఎక్కడిదంటే, 2023-24లో మన దేశం నుంచి ఎగుమతైన ఫ్రోజెన్ రొయ్యల విలువ. అంకె నిజమే, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా ప్రకటించిందే. నడిమి వలయంలో అందులో ఆంధ్రప్రదేశ్ వాటా. లోపలి చిన్న వలయంలో ‘మొత్తంలో ఒక్క శాతం మాది’ అని ఉంటుంది.

అనువాదకుడు దీన్ని 490 కోట్ల డాలర్లని రాస్తాడు. బిలియన్ అంటే వంద కోట్లు కాబట్టి తప్పేం కాదు. ఇంకొంచెం శ్రద్ధ ఉన్నవాడైతే రూపాయల్లోకి మార్చి దాదాపు 40 వేల కోట్లని రాస్తాడు. ఏ ఏడాది డాలరు రేటుతో మార్చాడో కింద వేస్తే ఇంకా మంచిది. ఎంత మార్చినా ఈ స్లయిడు మేత డీలరు ముందు నిలబడదు. ఎందుకంటే ఆ 40 వేల కోట్లూ రొయ్యలు అమ్మితే వచ్చిన డబ్బు. ఆక్సిజన్ పరికరం అద్దెకిస్తే వచ్చేది కాదు. రైతుకు పరికరం అద్దెకిచ్చేవాడు రైతు పంట విలువను తన మార్కెట్‌గా చూపించుకుంటున్నాడన్నమాట. ఫండ్ ఆఫీసులో దీన్ని ఎవరో ఒకరు పట్టుకుంటారు, కాకపోతే ఆనవాయితీ కదా అని ఊరుకుంటారు. భీమవరం డీలరు ఊరుకోడు. ఒక్క శాతమంటే 400 కోట్లు. తన దగ్గర మేత తీసుకునే రైతులందరూ కలిసి ఏడాదికి పరికరాల మీద పెట్టేది ఎంతో ఆయనకు తెలుసు. ‘ఇంత ఎక్కడుంది బాబూ?’ అని ఒక్కమాట అడిగి, మిగతా స్లయిడ్లు మర్యాద కోసం చూస్తాడు.

కాబట్టి ఈ స్లయిడును కింద నుంచి కట్టుకు రావాలి. కొలత రూపాయి కాదు, చెరువు. ముందు ఏ మండలాల్లో పనిచేస్తారో పేర్లు రాయాలి. మన కంపెనీ భీమవరం, ఉండి, కాళ్ల, ఆకివీడు మండలాలతో మొదలుపెట్టిందనుకుందాం. ఆ నాలుగింటిలో రొయ్యల సాగు 12 వేల ఎకరాలనుకుందాం. చెరువు సగటున ఎకరన్నర. అంటే 8 వేల చెరువులు.

ఈ విస్తీర్ణం ఎక్కడి నుంచి తెచ్చారని అడుగుతారు, అడగాలి కూడా. మత్స్యశాఖ దగ్గర మండలాలవారీ లెక్కలుంటాయి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర నమోదైన చెరువుల వివరాలుంటాయి. కరెంటు సబ్‌స్టేషన్లో ఆక్వా కనెక్షన్లు ఎన్నో తెలుస్తుంది. అన్నిటికంటే పనికొచ్చేది మేత డీలర్ల ఖాతా పుస్తకం. ఎవరికి ఎన్ని బస్తాలు వెళ్లాయో అందులో ఉంటుంది. ఈ లెక్కలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు. కాగితం మీద వరి పొలంగా ఉన్నది నేల మీద చెరువై ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో నీళ్లు కనిపిస్తాయి గానీ అందులో పెరుగుతున్నది చేపో రొయ్యో చెప్పలేం. ఆ ప్రాంతంలో చేపల చెరువులు తక్కువేం లేవు. అందుకని స్లయిడు మీద ఒకే అంకె వేసి ఊరుకోకుండా రెండు లెక్కల మధ్య తేడా ఎంతుందో కూడా చూపించాలి. చిన్న అంకెను పట్టుకుని ముందుకెళ్లాలి.

ఇప్పుడు ఆ 8 వేలను వడపోద్దాం. త్రీఫేజ్ కరెంటు, ఏరియేటర్లు ఉన్నవి 6 వేలనుకుందాం. ఏరియేటరే లేని చెరువులో స్విచ్చి వేసే పరికరానికి పనిలేదు. ఏ పంటకైనా కొన్ని చెరువులు ఎండగట్టి ఉంటాయి, కొన్నిటికి క్రాప్ హాలిడే అంటారు, రేటు పడిపోయిందని కొందరు పిల్ల వేయరు. నీళ్లు, రొయ్యలు రెండూ ఉండేవి 4 వేలు. రాత్రంతా గట్టు మీద తనే పడుకునే రైతు నెలకు వెయ్యి కట్టి పరికరం పెట్టించుకోడు. కాపలా మనిషిని పెట్టుకున్నవాడు, నాలుగైదు చెరువులు లీజుకు చేస్తున్నవాడు పెట్టించుకుంటాడు. అలాంటివాళ్ల కింద ఉన్నవి 2,500 చెరువులు.

ఒక్కో చెరువు ఏడాదికి ఎంత ఇస్తుంది? ఇంగ్లిష్ స్లయిడు నెలకు వెయ్యి చొప్పున పన్నెండు నెలలు వేసింది. చెరువు పన్నెండు నెలలూ నడవదు. వనామీ పంట మూడున్నర, నాలుగు నెలలు. మామూలుగా ఏడాదికి రెండు పంటలు. అంటే పరికరం నీళ్లలో ఉండేది ఎనిమిది నెలలు. పంటకు 4 వేలు, ఏడాదికి 8 వేలు. 2,500 చెరువులకు 2 కోట్లు.

40 వేల కోట్లు ఎక్కడ, 2 కోట్లు ఎక్కడ! కంపెనీ పెట్టిన కుర్రవాళ్లు ఇక్కడే బెంబేలెత్తుతారు. ఈ అంకె చూపిస్తే ఎవరు డబ్బు పెడతారంటారు. అది ఫండ్ వాళ్ల దగ్గర నిజమే. పదింటిలో ఏడెనిమిది కంపెనీలు పోయినా మిగిలినవి ఎన్నో రెట్లు తిరిగివ్వాలి కాబట్టి వాళ్లకు చిన్న మార్కెట్ పనికిరాదు. పది లక్షలు పెట్టే డీలరు లెక్క వేరు. నాలుగు మండలాల్లో 2 కోట్లుందని నమ్మితే, కోనసీమలో, కృష్ణాలో, నెల్లూరులో ఇలాంటి ముక్కలు ఇంకెన్ని ఉంటాయో ఆయనే వేసుకుంటాడు. అక్కడ ఎవరి ఖాతాలు ఎవరి దగ్గరున్నాయో ఆయనకే ఎక్కువ తెలుసు. తనే చూసి సరిచేయగల అంకె మీదే ఆయన మాట్లాడతాడు. సరిచేస్తే ఇంకా మంచిది. ‘కాళ్లలో అన్ని రొయ్యల చెరువులెక్కడివి, సగం చేపలే కదా’ అన్నాడంటే మీ స్లయిడు చదువుతున్నాడన్నమాట.

ఇక రెండో స్లయిడు. అసలు గొడవంతా ఇందులోనే ఉంది.

ఇంగ్లిష్‌లో అది ముచ్చటగా ఉంటుంది. కస్టమరు నుంచి నెలకు వెయ్యి. గ్రాస్ మార్జిన్ 60 శాతం, అంటే నెలకు 600 మిగులు. కస్టమరును తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు 3 వేలు. నెలకు నూటికి నలుగురు మానేస్తున్నారు, కాబట్టి సగటు కస్టమరు 25 నెలలుంటాడు. ఆరు వందలు ఇరవై అయిదు సార్లంటే 15 వేలు. 3 వేలు పెడితే 15 వేలు, అయిదు రెట్లు. మూడు రెట్లుంటే బాగున్నట్టే అని ఆ లోకంలో ఒక వాడుక. కాబట్టి ఈ స్లయిడు పాసైపోయినట్టే.

దీన్ని తెలుగులో ఒక చెరువుకు, ఒక పంటకు తిరగరాద్దాం. రొయ్యల రైతు నెలల్లో ఆలోచించడు. పిల్ల వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా అదంతా ఒకే లెక్క. డీలరు కూడా మేత అరువిచ్చి పట్టుబడి అయ్యాకే వసూలు చేసుకుంటాడు. పరికరం అద్దె కూడా అప్పుడే వస్తుంది, నెలనెలా రాదు.

వచ్చేది పంటకు 4 వేలు. ఖర్చులు ఒక్కొక్కటే చూద్దాం. సిమ్ కార్డు, సర్వరు కలిపి 200. ఆక్సిజన్ కొలిచే ప్రోబుకు పైన ఒక టోపీ ఉంటుంది, అది కొన్నాళ్లకు మార్చాలి. పంటకు 400 వేసుకుందాం. తర్వాత మనిషి. ఈ ప్రోబు చెరువులో ఉంటే నాలుగు రోజులకే జిగురు పట్టేస్తుంది, నాచు కమ్ముకుంటుంది. తుడవకపోతే తప్పు రీడింగ్ చూపిస్తుంది. అర్ధరాత్రి ఊరికే ఫోను మోగితే రైతు రెండుసార్లు చూస్తాడు, మూడోసారి పరికరం తీసి గట్టున పడేస్తాడు. అందుకని వారానికోసారి టెక్నీషియన్ వచ్చి తుడిచి, సరిచూసి వెళ్లాలి.

టెక్నీషియన్ జీతం, పెట్రోలు కలిపి నెలకు 24 వేలు. ఇంగ్లిష్ స్లయిడులో అతని కింద 96 చెరువులు వేశారు, చెరువుకు నెలకు 250. వారానికి ఆరు రోజుల పనిలో రోజుకు పదహారు చెరువులన్నమాట. ఇది హైదరాబాద్‌లో ఎవరూ అడగలేదు. డీలరు అడుగుతాడు. ‘వానాకాలంలో గట్ల మీద బండి వెళ్తుందా బాబూ? దిగి నడవాలా, వద్దా? రోజుకు పది చూస్తే గొప్ప’ అంటాడు. రోజుకు పది అంటే వారానికి అరవై. అప్పుడు చెరువుకు నెలకు 400, పంటకు 1,600.

డీలరు ద్వారా అమ్మితే ఆయన కమీషన్ పది శాతం, 400. ఇంగ్లిష్ స్లయిడులో ఇది లేదు. వసూలు కాని బాకీ ఇంకో పది శాతం, 400. అదీ లేదు. అన్నీ కలిపితే 3 వేలు. మిగిలేది వెయ్యి. 60 శాతం అనుకున్నది 25కు దిగింది.

అప్పుడే అయిపోలేదు. పరికరం ఎవరిది? కంపెనీది. తయారీకి 12 వేలు. ఉప్పునీటిలో, ఎండలో మూడేళ్లుంటుందనుకుందాం, అంటే ఆరు పంటలు. పంటకు 2 వేలు అరుగుదల. ఇంగ్లిష్ డెక్‌లో ఈ 12 వేలు పెట్టుబడి వ్యయం పేరుతో వెనక ఎక్కడో ఇంకో స్లయిడులో కూర్చుంది, ఒక్కో కస్టమరు లెక్కలోకి రాలేదు. దాన్ని తెచ్చి ఇక్కడ పెడితే పంటకు వెయ్యి మిగలడం కాదు, వెయ్యి నష్టం. ఎన్ని చెరువులు పెరిగితే అంత నష్టం. డెక్‌ల్లో నేను మొదట వెతికేది ఇదే. కంపెనీ సొంత సొమ్ము కస్టమరు దగ్గర వస్తువు రూపంలో పడి ఉన్న ప్రతి వ్యాపారంలోనూ ఆ వస్తువు అరుగుదల యూనిట్ లెక్కలో ఉందా, లేదా?

ఇంకో మాట. ఆ 12 వేల మీద వడ్డీ. ఫండ్ మనిషి ఇది అడగడు. మన వ్యాపారి అడగకుండా ఉండడు. ఆయన డబ్బును నెలకు నూటికి ఎంత అని కొలుస్తాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ వేసుకున్నా 12 వేలకు నెలకు 240, నాలుగు నెలల పంటకు 960. చెరువు ఎండిన నెలల్లో కూడా ఆ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మీరు స్లయిడు మీద వేయకపోయినా ఆయన మనసులో వేసేసుకుంటాడు. కాబట్టి మీరే వేసి చూపించడం మేలు.

ఇప్పుడు కస్టమరు ఎన్నాళ్లుంటాడన్న సంగతి. నెలకు నాలుగు శాతం మానేస్తున్నారన్నది ఎలా వచ్చింది? పంట నడుస్తున్న మూడు నెలలు కొలిచారు. పంట మధ్యలో పరికరం తీసేవాడు ఎవరూ ఉండరు. మానేసేవాడు పట్టుబడి అయ్యాక, మళ్లీ పిల్ల వేసేటప్పుడు మానేస్తాడు. కాబట్టి నెలలు కాదు, పట్టుబడులు లెక్కపెట్టాలి. పోయిన పంటలో పరికరం ఉన్న పది చెరువుల్లో ఈ పంటకు మళ్లీ పెట్టించుకున్నవి ఎన్ని? ఏడు అనుకుంటే ప్రతి పంటకూ మూడు పోతున్నట్టు. అప్పుడు సగటున ఒక చెరువు మూడు పంటల పైచిలుకు మాత్రమే మనతో ఉంటుంది. పంటకు నాలుగు నెలల లెక్కన అద్దె వచ్చేది 13 నెలలు, ఇంగ్లిష్ స్లయిడు చెప్పిన 25 నెలల్లో సగం. దీన్ని చూపించడానికి సూత్రం అక్కర్లేదు. ఎడమవైపు పోయిన పంట చెరువుల పట్టిక, కుడివైపు ఈ పంట పట్టిక పెడితే చాలు.

బాకీల సంగతి ఇంకా తిరకాసుగా ఉంటుంది. పది శాతం ఎగవేత అన్నాం. అది సగటు. వైట్ స్పాట్ లాంటి జబ్బు వస్తే ఒక్క చెరువుకు రాదు. ఒకే కాలువ నీళ్లు తోడుకునే చెరువులన్నీ వరసగా పోతాయి. నలభయ్యో రోజునే పట్టేసి, ఎదగని చిన్న రొయ్యను దొరికిన రేటుకు అమ్మేస్తారు. అప్పుడు మేత బాకీ కట్టడమే కష్టం, పరికరం అద్దె అడిగేదెవరు? మంచి పంటలో నూటికి మూడో నాలుగో పోతాయి, చెడ్డ పంటలో ముప్ఫై నలభై పోతాయి. సగటు పది అని వేస్తే ఈ రెండూ కనపడకుండా పోతాయి. కాబట్టి స్లయిడులో రెండు నిలువు వరుసలు పెట్టాలి. మంచి పంట ఒకటి, చెడ్డ పంట ఒకటి. చెడ్డ పంట వరుస ఎర్రగానే ఉంటుంది, ఉండనివ్వండి. అలాంటి పంట వస్తే కంపెనీ ఎన్నాళ్లు తట్టుకోగలదో పక్కన రాయండి. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకాలు పెంచినప్పుడు రొయ్య రేటు గురించి గోదావరి జిల్లాల్లో ఎంత ఆందోళన పడ్డారో గుర్తుంది కదా. జబ్బు లేకపోయినా రేటు పడితే పిల్ల వేసేవాళ్లు తగ్గుతారు. ఆ వరుసలో అదీ ఉండాలి.

ఇంతదాకా వచ్చాక ఏం చేయాలి? డెక్ మూసేయాలా? అక్కర్లేదు. ఈ లెక్క చేస్తేనే వ్యాపారం ఎక్కడ వంకరగా ఉందో తెలిసింది. మన కంపెనీ ఒక మార్పు చేసిందనుకుందాం. పరికరం అద్దెకు కాదు, తయారీ ధరకే, 12 వేలకే రైతుకు అమ్మేస్తుంది. ఆ తర్వాత నిర్వహణకు పంటకు 3,500 తీసుకుంటుంది. చెరువులు ఒకే దగ్గర గుంపుగా ఉన్నవాళ్లనే తీసుకుంటుంది, అప్పుడు టెక్నీషియన్ ఎనభై చెరువులు చూడగలడు. పంటకు చెరువుకు 1,200 అవుతుంది. సిమ్ 200, టోపీ 400, కమీషన్ 350, బాకీ 350. మొత్తం 2,500. మిగిలేది వెయ్యి, ఈసారి అసలైన వెయ్యి. కంపెనీ సొమ్ము గట్ల మీద పడి లేదు. పరికరం తనదైనవాడు పంట పంటకూ మానేయడం కూడా తక్కువే. కస్టమరును తెచ్చుకోవడానికి పెట్టిన 3 వేలు మూడు పంటల్లో, అంటే ఏడాదిన్నరలో తిరిగొస్తాయి. గడువు రెండు నెలలు అటూ ఇటూ అయినా ఆ మాట చెప్పుకోవచ్చు.

అయితే ఇక్కడ మార్చినది అక్కడా మారుతుంది. ఒక్కసారిగా 12 వేలు పెట్టేవాళ్లు 2,500 చెరువులకు ఉండరు. 1,500 అనుకుందాం. పంటకు 3,500, ఏడాదికి 7 వేలు. నాలుగు మండలాల మార్కెట్ 2 కోట్ల నుంచి కోటి అయిదు లక్షలకు తగ్గింది. చాలా డెక్‌ల్లో ఈ రెండు స్లయిడ్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మార్కెట్ స్లయిడులో చవక ధరకు కొనేవాళ్లందరినీ లెక్కేస్తారు, మిగులు స్లయిడులో ఎక్కువ ధర వేస్తారు. రెండింటిలోనూ ఒకే ధర ఉందో లేదో చూడటానికి అర నిమిషం పడుతుంది. డబ్బు పెట్టేవాళ్లు అర నిమిషం చూస్తే చాలు.

రెండింటినీ కలిపే అంకె ఒకటుంది, దాన్ని ఇంగ్లిష్ డెక్‌ల్లో వెతికినా దొరకదు. ఆఫీసు, సాఫ్ట్‌వేరు మనుషులు కలిపి నెలకు 3 లక్షల ఖర్చనుకుందాం. చెరువు ఎండిన నెలల్లోనూ అది ఆగదు, ఏడాదికి 36 లక్షలు. రెండు పంటలకు పంచితే పంటకు 18 లక్షలు. చెరువుకు వెయ్యి మిగిలితే ఆ ఖర్చు పూడ్చడానికి 1,800 చెరువులు కావాలి. నాలుగు మండలాల్లో దొరికేవి 1,500. అంటే అన్ని చెరువులూ మనవే అయినా చాలవు.  కాబట్టి ఈ నాలుగు మండలాలతో కంపెనీ బతకదు, రెండో చోటు తప్పదు. అడుగుతున్న పెట్టుబడి ఎందుకో ఇప్పుడు చెప్పొచ్చు. రెండో చోట డీలర్లను కుదుర్చుకోవడానికి ఇంత, టెక్నీషియన్లకు ఇంత, అక్కడ పూడేదాకా ఆఫీసు ఖర్చుకు ఇంత. డీలరుకు కూడా ఇదే కావాలి, తన డబ్బు ఏ పనికి వెళ్తుందో తెలియాలి.

ఈ లెక్క చేశాక కొన్ని కంపెనీలకు తేలే సంగతి ఇంకొకటుంది. మార్కెట్ నిజంగా చిన్నదే, వాటాలు అమ్మి పెట్టుబడి తెచ్చుకునేంత వ్యాపారం కాదు. డీలరు భాగస్వామిగా ఉంటే, లేదా మామూలు అప్పుతో నడిపితే సరిపోతుంది. వాటా తీసుకున్నవాడు దాన్ని ఎప్పటికైనా ఇంకెవరికో అమ్ముకోవాలి. ప్రైవేట్ కంపెనీ వాటా సంతలో అమ్ముడుపోదు. ఈ మాట స్లయిడులో లేకపోతే నోటితోనైనా చెప్పాలి. నెలనెలా వడ్డీ లెక్కకు అలవాటుపడిన మనిషి వాటాను కూడా అలాగే అనుకుని డబ్బిస్తే, రెండేళ్ల తర్వాత ఇంటి ముందుకొచ్చి కూర్చుంటాడు.

మాటల గురించి రెండు ముక్కలే చెబుతాను. స్లయిడు మీద వచ్చేది, పోయేది, మిగిలేది అని రాస్తే చాలు. సీఏసీ, ఎల్‌టీవీ లాంటి పొడి అక్షరాలు ఫండ్ వాళ్ల డెక్‌లోనే ఉండనివ్వండి. కోట్లు, లక్షలు, వేలలో రాయండి. దశాంశాలు వద్దు. ఊహించిన అంకె పక్కన ‘అంచనా’ అని, కొలిచిన అంకె పక్కన ఏ పంటలో కొలిచారో రాయండి. ఇంగ్లిష్ డెక్, తెలుగు డెక్ రెండూ బయట తిరుగుతుంటే వాటిలో అంకెలు ఒకటే ఉండాలి. తెలుగులో తేలిన నష్టం ఇంగ్లిష్‌లో దాచడం కుదరదు, ఇంగ్లిష్ డెక్‌ను కూడా తిరగరాయాల్సిందే.

ఈ స్లయిడ్లు పట్టుకుని ఊళ్లో తిరిగేవాళ్లకు ఒక చట్టం సంగతి తెలిసి ఉండాలి. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కంపెనీ వాటాలు ఇవ్వజూపాలంటే ముందుగా ఎంచుకున్న వ్యక్తులకే ఇవ్వజూపాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించకూడదు. పత్రికల్లో గానీ ఇంకే మాధ్యమంలో గానీ ప్రకటన ఇచ్చి అందరినీ పిలవకూడదు. కాబట్టి ఈ డెక్‌ను ఊరి వాట్సాప్ గ్రూపులో పడేయకండి. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి, నగదు తీసుకోకూడదు. డబ్బు అందిన 60 రోజుల్లోగా వాటాలు కేటాయించాలి, లేకపోతే తిరిగి ఇచ్చేయాలి. మా ఊళ్లో అంతా నమ్మకం మీదే అని ఎవరైనా నోట్ల కట్టలు తెచ్చి బల్ల మీద పెడితే, చెక్కు రాసిమ్మనండి.